వినికిడి తక్కువ, శుక్రవారం ప్యానెల్ ఇంటర్వ్యూ: హెచ్‌ఆర్‌కి మెయిల్ ఎలా రాయాలి?

మంజీర_27 | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను, ఉండేది హైదరాబాద్. రెండు చెవులకీ మెషీన్లు పెట్టుకుంటాను. ఆడియోగ్రామ్‌లో కుడి చెవి 48, ఎడమ చెవి 62 డెసిబెల్స్. ఎదురుగా కూర్చుని ఒకరు మాట్లాడితే ఏ ఇబ్బందీ లేదు. ఫోన్‌లో అయితే స, శ, ఫ లాంటి శబ్దాలు జారిపోతాయి. ముగ్గురు కలిసి మాట్లాడితే ఎవరు ఏమన్నారో తెలియదు.

పోయిన నెల ఒక ఇంటర్వ్యూ ఫోన్‌లోనే జరిగింది. ఆయన 'సెషన్ స్టోరేజ్' గురించి అడిగారు. నాకు 'వెర్షన్ స్టోరేజ్' అని వినపడింది. పది నిమిషాలు గిట్ గురించి చెప్పాను. ఆయన మధ్యలో ఆపనూ లేదు, తర్వాత ఫోన్ చేయనూ లేదు.

ఇప్పుడు ఇంకో కంపెనీలో మూడో రౌండ్ వచ్చింది. శుక్రవారం 11 గంటలకు, జూమ్‌లో, ప్యానెల్‌లో ముగ్గురు, గంటసేపు. ఈసారి ముందే చెప్పి కావలసింది అడగాలని అనుకుంటున్నాను. మెయిల్ వెళ్లేది ఇంగ్లీషులోనే, ఇక్కడ మాత్రం తెలుగులో పెడుతున్నాను. ఎలా ఉందో చెప్పండి:

> గౌరవనీయులైన మేడమ్, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి. నాకు ఆరేళ్ల వయసులో జ్వరం వచ్చి వినికిడి తగ్గింది. అప్పటినుంచి మెషీన్లు వాడుతున్నాను. ఆడియోగ్రామ్ జతచేశాను. దీనివల్ల నా పనికి ఎప్పుడూ ఆటంకం రాలేదని మనవి చేసుకుంటున్నాను. వీలైతే, ప్యానెల్ వారికి ఇబ్బంది కాకపోతే, కాస్త నెమ్మదిగా, గట్టిగా మాట్లాడగలరా? కుదరకపోయినా పర్వాలేదు, నేను సర్దుకుంటాను. ఈ కారణంగా నా అభ్యర్థిత్వాన్ని తక్కువగా చూడవద్దని ప్రార్థన.

ఇంకా రెండు పేరాలు ఉన్నాయి, పెట్టడానికి సిగ్గేసి ఆపాను.

---

రేపల్లె_రవి | సోమవారం, రాత్రి 10:05

చెల్లెమ్మా, ప్రార్థనలూ మనవులూ ఎందుకు? 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. ఏర్పాట్లు చేయకపోవడం వివక్ష కిందికే వస్తుంది. సెక్షన్ నంబర్ రాసి, సర్టిఫికెట్ జతచేసి, గంటకి ఇరవై నిమిషాలు ఎక్స్‌ట్రా టైమ్ కూడా అడుగు. చట్టం పేరు చూస్తే దారికొస్తారు.

---

పద్మజ_రిక్రూటర్ | సోమవారం, రాత్రి 10:48

మంజీరా, నేను పదకొండేళ్లుగా రిక్రూట్‌మెంట్‌లో ఉన్నాను. నీ మెయిల్ నా ఇన్‌బాక్స్‌కి వస్తే ఏమవుతుందో చెప్తాను.

నేను దాన్ని ఫోన్‌లో చూస్తాను, రెండు మీటింగుల మధ్యలో. జ్వరం దాకా చదివేసరికి ఇంకో కాల్ వస్తుంది. ఈ అమ్మాయికి ఏదో ఆరోగ్య సమస్య ఉందన్నది గుర్తుంటుంది, నేను చేయాల్సిన పని ఏంటన్నది గుర్తుండదు. పైగా నువ్వే "కుదరకపోయినా పర్వాలేదు" అన్నావు కాబట్టి అది నా పనుల లిస్టులోకే ఎక్కదు. మర్యాద కోసం రాసిన మాటే అయినా, చదివేవాళ్లు దాన్ని అవసరం లేదన్నట్టే తీసుకుంటారు.

"నెమ్మదిగా, గట్టిగా మాట్లాడండి" అన్నదీ పనికిరాదు. ముగ్గురూ మొదటి రెండు నిమిషాలు గట్టిగా మాట్లాడి తర్వాత మర్చిపోతారు. నువ్వు అడిగేది ఒకసారి చేసిపెడితే అలాగే ఉండిపోయేది కావాలి. క్యాప్షన్స్ ఆన్ చేయడం అలాంటిది. కెమెరా ఆన్‌లో ఉంచడం అలాంటిది.

ఇంకోటి, ఆడియోగ్రామ్ జతచేయకు. అభ్యర్థి పంపిన ఫైళ్లు మా హైరింగ్ సాఫ్ట్‌వేర్‌లో నీ ప్రొఫైల్‌కి అతుక్కుపోతాయి. రెజ్యూమె చూడటానికి తెరిచిన ప్రతి మేనేజర్‌కీ అది కనిపించవచ్చు. వాళ్లలో ఆడియోగ్రామ్ చదవడం వచ్చినవాళ్లు ఎవరూ ఉండరు. గీతలు కిందికి దిగడం చూసి భయపడతారంతే.

రవి గారూ, ఎక్స్‌ట్రా టైమ్ ఆ అమ్మాయికి దేనికండీ? ఆలోచించడానికి టైమ్ చాలక కాదుగా సమస్య, ప్రశ్న చెవిన పడకపోవడం. అవసరం లేనిది అడిగితే అవసరమైనదాని బరువు తగ్గుతుంది.

---

డాలస్_బాబాయ్ | సోమవారం, రాత్రి 11:20

ఇక్కడ అమెరికాలో 1990 నుంచీ ఏడీఏ చట్టం ఉంది. 15 మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే కంపెనీలకి వర్తిస్తుంది. ఆఫర్ ఇచ్చేదాకా నీ జబ్బు ఏంటని అడగకూడదు. కాబట్టి జబ్బు పేరు అసలు రాయొద్దమ్మా. "నాకు అకామడేషన్ కావాలి" అంటే చాలు, ఇచ్చి తీరాలి.

---

గుంటూరు_వకీలు | మంగళవారం, ఉదయం 6:55

బాబాయ్ గారూ, అది మీ ఊరి సంగతి. అక్కడ కూడా, అవసరం పైకి కనిపించనప్పుడు ఏర్పాటుకి సరిపడా ఆధారం అడిగే వీలు యజమానికి ఉంది. ఇక్కడ ఉద్యోగానికి ముందు అడగరాదనే నిషేధం మన 2016 చట్టంలో నాకు కనబడలేదు.

రవి గారు చెప్పింది సగం సరైనదే. తగిన ఏర్పాటు నిరాకరించడం వివక్షేనని నిర్వచనంలో ఉంది. కానీ ఉద్యోగుల కోసం ఆ ఏర్పాట్లు చేసి తీరాలని చెప్పే సెక్షన్ 20 నేరుగా పేర్కొన్నది ప్రభుత్వ సంస్థలని. ప్రైవేటు విషయంలో స్పష్టంగా ఉన్నది వేరు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. 20 మంది, అంతకు పైబడి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ ఆ విధానంలో ఏమేం రాయాలో 2017 నియమాల్లో ఉంది. వికలాంగుల నియామకాలూ సౌకర్యాలూ చూసుకునే లైజన్ ఆఫీసర్ ఒకరుండాలని కూడా అందులోనే ఉంది. అమ్మాయ్, నువ్వు ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ విధానం ఉందేమో చూడు. ఉంటే లైజన్ ఆఫీసర్ మెయిల్ ఐడీ కూడా దొరకొచ్చు.

సర్టిఫికెట్ విషయం. వినికిడి తక్కువ అన్న కేటగిరీకి చట్టం షెడ్యూల్లో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోటు ఉండాలి. నీ కుడి చెవి 48. కాబట్టి నీకు 40 శాతం సర్టిఫికెట్ వచ్చి ఉండదనుకుంటా.

---

మంజీర_27 | మంగళవారం, ఉదయం 7:30

అవునండీ, రాలేదు. రెండుసార్లు క్యాంప్‌కి వెళ్లాను. "కుడి చెవి బాగానే ఉంది కదమ్మా" అన్నారు. అందుకే టెన్షన్. సర్టిఫికెట్ లేకుండా అడిగే హక్కు ఉందా నాకు?

---

గుంటూరు_వకీలు | మంగళవారం, ఉదయం 7:52

అడగొచ్చు. 40 శాతం గీత రిజర్వేషన్ లాంటి వాటికి. చట్టంలో వికలాంగత అన్న మాటకి నిర్వచనం అంతకన్నా విశాలం. దీర్ఘకాలం ఉండే లోపం, దానికి బయటి అడ్డంకులు తోడై మిగతావాళ్లతో సమానంగా పాల్గొననివ్వకపోతే చాలు, అందులో శాతం మాట లేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఇదే చెప్పింది. ఆయన సివిల్స్ అభ్యర్థి, రైటర్స్ క్రాంప్ వల్ల రాయడం కష్టం. 40 శాతం లేదని స్క్రైబ్‌ను ఇవ్వలేమన్నారు. ఆ రెంటికీ ముడి పెట్టడం తప్పని కోర్టు తేల్చింది.

అయితే అది పరీక్ష పెట్టే ప్రభుత్వ సంస్థ మీద వచ్చిన తీర్పు. ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూకి దాన్ని ఎంతవరకు లాగొచ్చన్నది తేలిన విషయం కాదు. అందుకే నా సలహా, మెయిల్లో సెక్షన్లు రాయకు. లాయర్‌ని అయ్యుండీ చెప్తున్నా. మొదటి మెయిల్లోనే సెక్షన్ చూస్తే అది రిక్రూటర్ చేతుల్లోంచి లీగల్ డిపార్ట్‌మెంట్‌కి పోతుంది. శుక్రవారంలోగా అక్కడినుంచి జవాబు రాదు.

---

గ్రూప్స్_శ్రావణి | మంగళవారం, ఉదయం 8:10

సార్, మా తమ్ముడికి చెయ్యి సరిగా ఆడదు, గ్రూప్-2కి స్క్రైబ్ కావాలి. మెయిల్ ఎవరికి పెట్టాలి? ఈ మెయిల్ ఫార్మాట్ వాడొచ్చా?

---

గుంటూరు_వకీలు | మంగళవారం, ఉదయం 8:22

శ్రావణి గారూ, మీది వేరే దారి. సర్వీస్ కమిషన్ పరీక్షలకి మెయిల్ మీద పని జరగదు, అప్లికేషన్ దగ్గరే చెప్పాలి. నోటిఫికేషన్‌లో స్క్రైబ్ గురించి ఉన్న పేరా చదివి వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ చెప్తాను. ఇక్కడ కలిపితే ఈ అమ్మాయి శుక్రవారం పోతుంది.

---

ఆగి_మాట్లాడేవాడు | మంగళవారం, ఉదయం 9:02

నాకు నత్తి. నా అనుభవం చెప్తాను, పనికొస్తే తీసుకో.

ఒక కంపెనీ రికార్డెడ్ ఇంటర్వ్యూ పెట్టింది. అవతల మనిషి ఉండడు. స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, తొంభై సెకన్లలో చెప్పాలి, తర్వాత అదే కట్ అవుతుంది. నేను నా పేరు చెప్పేసరికే పదిహేను సెకన్లు పోతాయి ఒక్కోసారి. మెయిల్లో ఒకే లైన్ రాశాను. "నాకు నత్తి ఉంది, టైమర్ లేకుండా గానీ, మనిషితో లైవ్ కాల్‌లో గానీ ఈ రౌండ్ చేయగలను" అని. టైమర్ తీసే ఆప్షన్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో లేదన్నారు, లైవ్ కాల్ ఇచ్చారు. ఒక్కటే అడిగి ఉంటే లేదు అన్నదే జవాబయ్యేది. రెండు దారులు చూపించాను కాబట్టి రెండోది దొరికింది.

లైవ్ కాల్ మొదట్లోనే ఈ ముక్క చెప్పాను: "నా మాట ఆగితే నెట్ ఆగిందనుకోకండి, నేను పూర్తి చేస్తాను." అంతకుముందు రెండుసార్లు నా మాట ఆగగానే "హలో, హలో, వినిపిస్తోందా" అని కాల్ కట్ చేసేశారు.

---

పద్మజ_రిక్రూటర్ | మంగళవారం, ఉదయం 9:30

నెట్ ఆగిందనుకోవద్దన్న మాట బాగుంది. మంజీరా, నీకూ అలాంటిదే ఒకటి అవసరం. ఈ మధ్య ప్యానెల్ వాళ్లకి ఒక అనుమానం జబ్బులా పట్టుకుంది. అభ్యర్థి కళ్లు స్క్రీన్ మీద అటూ ఇటూ కదిలితే పక్కన ఏదో చూసి చదువుతున్నారని రాసేస్తున్నారు. నువ్వు క్యాప్షన్స్ చదువుతుంటే నీ చూపు కిందికే ఉంటుంది. అది ముందే చెప్పకపోతే నీ మెయిల్ అంతా సాయం చేసినా ఆ ఒక్కదాని దగ్గర దెబ్బతింటావు.

ఇంకో ముఖ్యమైన సంగతి. నువ్వు రాసేది రిక్రూటర్‌కి. ప్రశ్నలు అడిగేది ప్యానెల్. రిక్రూటర్ మెయిల్‌ని ప్యానెల్‌కి ఫార్వర్డ్ చేయడం మర్చిపోతారు. నేనే మర్చిపోయాను, ఒకటికి రెండుసార్లు. ప్యానెల్ వాళ్లు ఇంటర్వ్యూకి రెండు నిమిషాల ముందు తప్పకుండా తెరిచేది క్యాలెండర్ ఇన్వైట్ ఒక్కటే, ఎందుకంటే లింక్ అందులోనే ఉంటుంది. కాబట్టి "ఈ మూడు లైన్లు ఇన్వైట్‌లో చేర్చండి" అని అడుగు. రిక్రూటర్‌కి అది కాపీ, పేస్ట్ పని. చేసేస్తారు.

కొత్త మెయిల్ మొదలుపెట్టకు. ఇంటర్వ్యూ ఖరారు చేస్తూ వాళ్లు పంపినదానికే రిప్లై కొట్టు. ఈరోజే పంపు, బుధవారం సాయంత్రానికి జవాబు అడుగు. గురువారం ఒక రోజు చేతిలో ఉంటుంది.

---

రేపల్లె_రవి | మంగళవారం, ఉదయం 10:14

సరే, ఎక్స్‌ట్రా టైమ్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ జూమ్‌లో క్యాప్షన్స్ ఎవరికి వారే పెట్టుకోవచ్చు కదా? దానికి అడగడమెందుకు?

---

మంజీర_27 | మంగళవారం, ఉదయం 10:40

రవి అన్నా, అందులో నేను ముందే దెబ్బతిన్నాను. గూగుల్ మీట్‌లో అయితే ఎవరి స్క్రీన్‌లో వాళ్లం పెట్టుకోవచ్చు, కీబోర్డ్‌లో c నొక్కితే చాలు. జూమ్‌లో మీటింగ్ పెట్టినవాళ్ల అకౌంట్‌లో క్యాప్షన్స్ ఆన్ చేసి ఉండాలి. లేకపోతే నాకు ఆ బటనే రాదు. కాల్ మధ్యలో "క్యాప్షన్స్ ఆన్ చేయండి" అంటే వాళ్లు సెట్టింగ్స్ వెతుక్కుంటూ ఐదు నిమిషాలు పోతాయి, నాకు మాట తడబడుతుంది.

ఇవాళ పంపబోయేది ఇది:

> సబ్జెక్ట్: శుక్రవారం 11 గంటల ఇంటర్వ్యూ, మూడు ఏర్పాట్లు
>
> నమస్తే మేడమ్,
>
> శుక్రవారం 11 గంటల ఇంటర్వ్యూకి హాజరవుతున్నాను. నాకు వినికిడి తక్కువ, హియరింగ్ ఎయిడ్స్ వాడతాను. ఇంటర్వ్యూకి ఈ మూడు ఏర్పాట్లు కావాలి:
>
> 1. జూమ్ మీటింగ్ సెట్టింగ్స్‌లో క్యాప్షన్స్ ముందే ఆన్ చేయాలి.
> 2. ప్యానెల్ సభ్యులు కెమెరా ఆన్‌లో ఉంచి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి.
> 3. సినారియో ప్రశ్నలను చాట్‌లో కూడా టైప్ చేయాలి.
>
> క్యాప్షన్స్ చదివేటప్పుడు నా చూపు స్క్రీన్ కిందికి వెళ్తుంటుంది. దయచేసి ఈ వివరాలను క్యాలెండర్ ఇన్వైట్‌లో చేర్చి ప్యానెల్‌కి తెలియజేయండి. వీటిలో ఏదైనా కుదరకపోతే బుధవారం సాయంత్రంలోగా చెప్పండి, ఇంకో పద్ధతి నేను సూచిస్తాను.
>
> ధన్యవాదాలు.

---

పద్మజ_రిక్రూటర్ | మంగళవారం, ఉదయం 10:58

పంపించెయ్. ఒక్క అక్షరం కూడా కలపకు.

---

డాలస్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 11:30

నిద్రపట్టక చూస్తున్నా. బాగుందమ్మా. అయినా "వినికిడి తక్కువ" అని రాయడం నాకింకా నచ్చలేదు. ఏర్పాట్లు రాస్తే సరిపోదా?

---

ఆగి_మాట్లాడేవాడు | మంగళవారం, మధ్యాహ్నం 12:15

అంకుల్, కారణం లేకుండా "కెమెరా ఆన్ చేయండి" అంటే పెత్తనం చేస్తున్నట్టుంటుంది. ఒక్క వాక్యం చెబితే అదే మాట మామూలుగా వినిపిస్తుంది. పైకి కనిపించని జబ్బులకి మీరన్నది సరిపోతుందేమో. మా అక్కకి పెద్దపేగు జబ్బు. తను మాత్రం "ఆరోగ్య కారణాల వల్ల గంట మధ్యలో ఐదు నిమిషాల బ్రేక్ కావాలి" అని రాస్తుంది, పేరు రాయదు. ఎవరూ తిరిగి అడగలేదట.

---

మంజీర_27 | బుధవారం, మధ్యాహ్నం 3:25

జవాబు వచ్చింది. పెద్ద మెయిల్ కూడా కాదు: "దయచేసి మీ డిజెబిలిటీ సర్టిఫికెట్, శాతం పంపండి. పరిశీలించి చెబుతాం." గుండె జారిపోయింది. ఇప్పుడేం చేయాలి? ఆడియోగ్రామ్ పంపేయనా?

---

రేపల్లె_రవి | బుధవారం, మధ్యాహ్నం 3:31

పంపెయ్యి చెల్లెమ్మా, దాచేదేముంది. శుక్రవారం దగ్గరపడింది.

---

పద్మజ_రిక్రూటర్ | బుధవారం, మధ్యాహ్నం 3:50

ఆగు. ఆ రిక్రూటర్ నిన్ను అనుమానించి అడగలేదు. 'హియరింగ్' అన్న మాట చూడగానే చాలామంది చేతిలో ఉన్న ఒకే ఫారం గుర్తొస్తుంది, దివ్యాంగుల నియామకాల ఫారం. అందులో శాతం గడి ఉంటుంది, అది నింపాలి. నువ్వు ఆ కోటాలో రాలేదని చెబితే చాలావరకు గడి ఖాళీగా వదిలేస్తారు.

---

గుంటూరు_వకీలు | బుధవారం, సాయంత్రం 4:05

పద్మజ గారి మాటే. లేని సర్టిఫికెట్ ఉందనకు, లేదని పెద్ద సంజాయిషీ కూడా ఇవ్వకు. ఈ నాలుగు వాక్యాలు చాలు: "నేను జనరల్ అభ్యర్థిగా అప్లై చేశాను, రిజర్వేషన్ కోరడం లేదు. కాబట్టి శాతం సర్టిఫికెట్ ఇందులో అవసరపడదు. ఇంటర్వ్యూకి కావలసినవి పై మూడు ఏర్పాట్లే. ధ్రువీకరణ కావాలంటే మా ఆడియాలజిస్ట్ లెటర్ రేపు పంపగలను."

ఆ లెటర్‌లో డెసిబెల్స్ రాయించకు. ఈమె హియరింగ్ ఎయిడ్స్ వాడతారు, వీడియో సమావేశాల్లో క్యాప్షన్స్ అవసరం, అంతే. ఆడియాలజిస్ట్ అయితే ఒక పూటలో ఇస్తారు.

---

మంజీర_27 | బుధవారం, సాయంత్రం 6:40

అలాగే పంపాను. అరగంటలో "సరే, ఇన్వైట్‌లో చేర్చాను" అని వచ్చింది! లెటర్ అడగలేదు. ఇన్వైట్ తెరిచి చూశాను, మూడు లైన్లూ ఉన్నాయి. చూపు గురించిన వాక్యం మాత్రం వదిలేశారు.

---

పద్మజ_రిక్రూటర్ | బుధవారం, సాయంత్రం 6:52

నంబర్లు వేసిన లైన్లే కాపీ అయ్యాయన్నమాట. ఆ వాక్యాన్ని నాలుగో నంబర్‌గా పెట్టించాల్సింది, నా తప్పు. మళ్లీ మెయిల్ వద్దు. కాల్ మొదట్లో నోటితో చెప్పెయ్.

ఇంకో జాగ్రత్త, వాళ్ల క్యాప్షన్స్ రాకపోతే నీ దగ్గర రెండోది ఉండాలి.

---

మంజీర_27 | బుధవారం, రాత్రి 7:10

ఉందక్కా. విండోస్ 11లో Win + Ctrl + L నొక్కితే ల్యాప్‌టాప్‌లో ఏ శబ్దం వచ్చినా ఇంగ్లీషు క్యాప్షన్స్ వస్తాయి. జూమ్‌తో సంబంధం లేదు. ఇలాంటిదే క్రోమ్‌లో chrome://settings/accessibility దగ్గర ఉంది, కానీ అది బ్రౌజర్‌లో వచ్చే శబ్దానికే. ఇవాళ రాత్రి తమ్ముడితో కాల్ పెట్టి రెండూ చూస్తాను. మొదటిసారి ఆన్ చేస్తే ఏదో డౌన్‌లోడ్ అవుతుంది, ఆ పని శుక్రవారం పొద్దున పెట్టుకోకూడదు.

---

మంజీర_27 | శుక్రవారం, మధ్యాహ్నం 1:05

అయిపోయింది. వివరంగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

క్యాప్షన్స్ మొదటినుంచే వచ్చాయి. నేను ముందే అనుకున్న వాక్యం చెప్పాను: "నేను క్యాప్షన్స్ చదువుతాను, అందుకే కిందికి చూస్తాను." మధ్యలో కూర్చున్నాయన నవ్వి "ఇన్వైట్‌లో చూశాం" అన్నారు. ఇద్దరు కెమెరా ఆన్ చేశారు. మూడో ఆయన కారులో ఉన్నారు, నెట్ సరిగా లేదని ఆఫ్ చేశారు. ఆయన ప్రశ్నలే కష్టమయ్యాయి. క్యాప్షన్స్ 'రిగ్రెషన్ సూట్' అన్నదాన్ని 'డిప్రెషన్ స్వీట్' అని చూపించాయి. నవ్వు ఆపుకుని, "ఆ ప్రశ్న చాట్‌లో పెట్టగలరా, మూడో ఏర్పాటు అదే" అన్నాను. ఆయన టైప్ చేయలేకపోతే ప్యానెల్‌లో ఉన్న మేడమ్ టైప్ చేశారు. ఇన్వైట్‌లో ఉంది కాబట్టి ఆ మాట అడగడానికి నాకు మొహమాటం వేయలేదు. నెల కిందట అయితే ఊహించి ఏదో చెప్పేసేదాన్ని.

ఒకటి మాత్రం బాగోలేదు. క్యాప్షన్స్ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వస్తాయి. ప్రతి ప్రశ్న తర్వాత నేను ఆ కాస్త ఆగుతుంటే, రెండుసార్లు నాకు తెలియలేదనుకుని హింట్ ఇచ్చారు. ఆ ఆలస్యం గురించి మెయిల్లో రాయాల్సిందేమో.

---

ఆగి_మాట్లాడేవాడు | శుక్రవారం, మధ్యాహ్నం 1:20

రాయాల్సిందే. నా నెట్ ముక్కకి అది చెల్లెలు.

---

పద్మజ_రిక్రూటర్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:02

రాస్తే నాలుగు లైన్లు ఐదవుతాయి, ఐదు లైన్లు ప్యానెల్ చదవదు. ఆ ఆలస్యం కూడా నోటితో చెప్పేదాంట్లోనే కలుపుకో. ఇందులో నాతో ఒప్పుకోని రిక్రూటర్లూ ఉంటారు, అది వేరే సంగతి.

---

డాలస్_బాబాయ్ | శుక్రవారం, సాయంత్రం 6:15

రిజల్ట్ ఏమైందమ్మా?

---

మంజీర_27 | తర్వాతి గురువారం, రాత్రి 8:30

ఇంకా చెప్పలేదు బాబాయ్ గారూ. వేరే కంపెనీ నుంచి సోమవారం ఫోన్ స్క్రీనింగ్ అని మెసేజ్ వచ్చింది, ఇరవై నిమిషాలేనట. ఇరవై నిమిషాలకి కూడా మెయిల్ పెట్టాలా, ఊరికే "ఫోన్ కాదు, మీట్‌లో మాట్లాడదాం" అని ఒక్క ముక్క అంటే సరిపోతుందా అని ఆలోచిస్తున్నాను.

---

ఆగి_మాట్లాడేవాడు | తర్వాతి గురువారం, రాత్రి 8:44

మీట్ అయితే c నీ చేతిలోనే ఉందిగా. ఒక్క ముక్క చాలు.

---

పద్మజ_రిక్రూటర్ | తర్వాతి గురువారం, రాత్రి 9:10

చాలదు. ఆ ముక్కకి ముందు "వినికిడి తక్కువ కాబట్టి" అని పెట్టు. లేకపోతే సోమవారం వాళ్లు మామూలుగా ఫోనే చేస్తారు.